ఆ ఐదో అంకె ఎందుకు తీసేసినారప్పా

ఈ లొకేషన్ యాప్ నా ఫోన్లో చాన్నాళ్ళుగా ఉంది, చంద్రగిరి పక్కన మా మామిడి తోటలో చెట్లు గుర్తు పెట్టుకోడానికి వాడతా. పాయింట్ తీయడం ఈజీ, నెట్ లేకపోయినా పనిచేస్తుంది, అందులో వంక పెట్టేదేం లేదు. నా కోపమంతా షేర్ బటన్ మీదే. స్క్రీన్ మీద అక్షాంశం, రేఖాంశం చుక్క తర్వాత 8 అంకెల దాకా చూపిస్తుంది, లిస్టు పంపిస్తే మాత్రం మాట వరసకైనా చెప్పకుండా 4 అంకెలకి రౌండ్ చేసి పంపిస్తుంది.

దాంతో ఏమైందంటే, కాండం తొలిచే పురుగు పట్టిన తోతాపురి చెట్లు మార్క్ చేసి, మందు పెట్టే అతనికి లిస్టు పంపించినా. మా తోటలో చెట్టుకీ చెట్టుకీ 25 అడుగులు. పురుగు పట్టిన చెట్టు అక్షాంశం 13.58366 దగ్గరుంది, దానికి ఉత్తరాన బాగున్న చెట్టు 13.58373, రౌండ్ చేస్తే రెండూ 13.5837 అయిపోతాయి! అతను పోయి మంచి చెట్టు దగ్గర నిలబడి "యాడన్నా రంధ్రం, పొట్టు కూడా రాల్లేదే" అని ఫోన్ చేసినాడు, నేనేమో ఇంట్లో కూర్చోని అదే చెట్టు బాగా చూడు అంటా ఉండా. లిస్టు తెరిచి చూస్తే అప్పుడు తెలిసింది సంగతి.

లెక్క సింపులే. ఒక డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు, మన తిరుపతి వైపు తూర్పు పడమరలు కూడా 108 దాకా వస్తాయి కాబట్టి పెద్ద తేడా లేదు. 3 అంకెలుంటే 110 మీటర్లు, కొర్లగుంటలో ఏ వీధో తెలుస్తుంది అంతే. 4 అంటే 11 మీటర్లు, మా చెట్ల మధ్య దూరం కన్నా ఎక్కువ. 5 అంటే మీటరు పైచిలుకు, వాకిలికైనా చెట్టుకైనా అది చాలు.

అట్లని 8 అంకెలు చూసి మురిసిపోవద్దు (నేను ఇంతకుముందు ఇక్కడే 5 స్టార్లు ఇచ్చింది వాటిని చూసే). ఎనిమిదోది మిల్లీమీటరు, ఫోన్‌కేమో బయలు మీదే నాలుగైదు మీటర్లు తేడా వస్తుంది, కొమ్మల కింద ఇంకా ఎక్కువ, ఇరుకు సందుల్లో సిగ్నల్ గోడలకి తగిలి వస్తే పక్కింటి వాకిలి చూపిస్తుంది. ఒకే మాను దగ్గర పొద్దునొకసారి సాయంత్రమొకసారి పాయింట్ తీసి చూడండి, మారకుండా ఉన్న అంకెలే నిజం, మాకు ఐదోది కూడా కొంచెం ఊగుతుంది. ఆండ్రాయిడ్‌లో మనమున్న చోటు చుట్టూ చూపించే ఆ నీలం వలయం కూడా 68 శాతం గ్యారంటీయే, అంటే మూడుసార్లలో ఒకసారి మనం దాని బయటే ఉండొచ్చు.

ఇప్పుడైతే ఫోన్‌ని మాను దగ్గర కొంచెంసేపు పెట్టి యావరేజ్ తీసి, 5 అంకెలు చేత్తో టైప్ చేసి పంపిస్తా, మానుకి సున్నంతో సాలు నంబర్ కూడా రాయిస్తా. 3 స్టార్లు. కొబ్బరి తోటోళ్ళకి, ఇంటి అడ్రస్ పంపుకునేవాళ్ళకి ఎట్లుంటుందో నేను చెప్పలేను, చెట్లు దగ్గర దగ్గరగా ఉంటే మాత్రం షేర్ బటన్ నమ్మొద్దు.