ఆరేళ్ల స్టెప్పర్, నాలుగేళ్ల సర్వో: ఒకే రకం స్లైడ్ మీద నా అనుభవం

బాలానగర్‌లోని మా షెడ్‌లో అల్యూమినియం పట్టీలకు రంధ్రాలు వేసే యంత్రాలు రెండు పక్కపక్కనే ఉన్నాయి. రెండింటికీ స్లైడ్ ఒకటే: 300 మిల్లీమీటర్ల ప్రయాణం, ఒక్క రౌండుకు స్లైడ్‌ను 5 మి.మీ. జరిపే, అంటే 5 మి.మీ. లీడ్ ఉన్న బాల్ స్క్రూ, పట్టీతో కలిపి సుమారు ఆరు కిలోల బరువు. ఒకదానికి నీమా 23 సైజు స్టెప్పర్ మోటార్ పెట్టి ఆరేళ్లయింది. రెండోదానికి 200 వాట్ల ఏసీ సర్వో మోటార్ పెట్టి నాలుగేళ్లయింది. సర్వో, దాని డ్రైవ్, కేబుళ్లు కలిపి మాకు స్టెప్పర్ సెట్‌కు మూడు రెట్ల దాకా ఖర్చయింది.

స్టెప్పర్‌కు రౌండుకు 1600 పల్సులు పెట్టాను. అంటే ఒక్కో పల్సుకు స్లైడ్ 0.003 మి.మీ. కదులుతుంది. మా పనికి 0.05 మి.మీ. లోపు ఉంటే చాలు. మొదటి ఏడు నెలలు ఏ ఇబ్బందీ లేదు. తర్వాత ఒకరోజు సాయంత్రం చూస్తే పట్టీల్లో రంధ్రాలు పక్కకు జరిగి ఉన్నాయి. స్క్రీన్ మీద మాత్రం అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అదే స్టెప్పర్‌తో అసలు చిక్కు. కంట్రోలర్ పంపిన పల్సులను లెక్కపెట్టుకుంటుందే తప్ప, షాఫ్ట్ నిజంగా తిరిగిందో లేదో దానికి తెలియదు.

డయల్ గేజ్ పెట్టి కొలిస్తే తేడా ఒకసారి 0.1, ఇంకోసారి 0.3 వచ్చింది. ఎన్నిసార్లు చూసినా 0.1 గుణిజాలే. దాంతో కారణం దొరికింది. మామూలు 1.8 డిగ్రీల స్టెప్పర్ రోటర్‌కు 50 పళ్లుంటాయి. పట్టు తప్పితే అది ఎక్కడో మధ్యలో ఆగదు, తర్వాతి పన్ను దగ్గర, అంటే 7.2 డిగ్రీల అవతల కుదురుకుంటుంది. 5 మి.మీ. స్క్రూ మీద 7.2 డిగ్రీలంటే సరిగ్గా 0.1 మి.మీ. మీ స్క్రూకు ఈ లెక్క వేసి దగ్గర పెట్టుకోండి. తేడా ఆ గుణిజాల్లో ఉంటే మోటార్ స్టెప్పులు తప్పుతోందని అర్థం. తేడా ఎలాపడితే అలా ఉంటే కప్లింగ్ స్క్రూ వదులైందేమో చూడాలి. షాఫ్ట్ మీదుగా కప్లింగ్ మీదికి పెయింట్‌తో ఒక గీత గీసి ఉంచితే, అది జారినప్పుడు గీత విడిపోయి కనిపిస్తుంది. అలా కాక దిశ మారినప్పుడల్లా ఒక్క పల్సంత తేడా పేరుకుంటూ పోతే, దిశ సిగ్నల్ కుదురుకోకముందే పల్సు వెళ్తోందేమో చూడాలి.

మా స్టెప్పర్ పట్టు తప్పడానికి కారణం వేగం. 100 మి.మీ. దూరాన్ని 1.2 సెకన్లలో దాటాలని 1200 ఆర్‌పీఎం పెట్టాను. నిలబడి ఉన్నప్పుడు 1.9 న్యూటన్ మీటర్లు పట్టి ఉంచే మోటారే అయినా, ఆ వేగంలో 24 వోల్టులతో కాయిల్‌లోకి కరెంటు ఎక్కేలోపే దశ మారిపోతుంది. ఇక మిగిలేది చిన్న వంతు టార్కే. కొత్తలో ఆ కాస్తా సరిపోయింది. గ్రీజు గట్టిపడి, తురుము చేరేసరికి చాలలేదు. సప్లై 36 వోల్టులకు మార్చాను. మా డ్రైవ్ 50 దాకా తట్టుకుంటుంది, కానీ స్లైడ్‌కు బ్రేక్ వేసేటప్పుడు మోటారే వోల్టేజ్‌ను పైకి నెడుతుంది కాబట్టి 48 పెట్టలేదు. వేగం 900కు దించి, వేగం అందుకునే సమయం 0.2 నుంచి 0.3 సెకన్లకు పెంచాను. 1.2 సెకన్ల కదలిక 1.6 అయింది. ప్రతి 50 పట్టీలకు ఒకసారి, లెక్క మొదలయ్యే చోటును చూపే హోమ్ సెన్సర్ దగ్గరికి వెళ్లి లెక్క సరిచూసుకునేలా ప్రోగ్రామ్ కూడా మార్చాను. అప్పటి నుంచి మళ్లీ టెన్షన్ పెట్టలేదు.

సర్వో నాకు బాగా నచ్చింది వేగం వల్ల కాదు, ఆగిపోయి కారణం చెబుతుంది కాబట్టి. చెప్పిన స్థానానికీ ఉన్న స్థానానికీ తేడా హద్దు దాటితే అలారం ఇస్తుంది. మా డ్రైవ్‌లో ఆ హద్దు కంపెనీ పెట్టినప్పుడు కొన్ని రౌండ్లంత ఉంది, అంత పెద్ద హద్దు మా పనికి పనికిరాదు. దాన్ని 0.5 మి.మీ.కి తగ్గించాను. ఒకసారి గంటకోసారి అలారం రావడం మొదలైంది. విప్పి చూస్తే నట్ వైపర్ చిరిగి, లోపలికి తురుము వెళ్లింది. స్టెప్పర్ అయితే అదే రోజు పట్టీలన్నీ పాడుచేసి ఉండేది. డ్రైవ్‌లో కనిపించే లోడ్ శాతం కూడా పనికొస్తుంది. ఎప్పుడూ 18 దగ్గర ఉండేది మెల్లగా 40కి చేరితే గ్రీజు పెట్టే వేళయిందని మాకు తెలుస్తుంది.

సర్వోకు తలనొప్పులు లేకపోలేదు. కప్లింగ్ మార్చి మెత్తటి రకం వేస్తే, ఆగి ఉన్నప్పుడు సన్నగా గుయ్యిమని మోగుతూ వణికింది. డ్రైవ్‌లో స్టిఫ్‌నెస్ సెట్టింగ్ రెండు మెట్లు తగ్గిస్తేగాని ఆగలేదు. స్టెప్పర్‌కు ఇలాంటి ట్యూనింగ్ అవసరం ఉండదు, ఆగిందంటే కదలకుండా నిలుస్తుంది. కాకపోతే ఆగి ఉన్నప్పుడూ కరెంటు పారుతూ ఉంటుంది కాబట్టి చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. డ్రైవ్ మీది స్విచ్‌తో ఆ కరెంటును సగానికి తగ్గించాను. కరెంటు పోతే మా రెండు యంత్రాలకూ మళ్లీ హోమింగ్ చేయాల్సిందే. మా సర్వోలో షాఫ్ట్ ఎంత తిరిగిందో కొలిచే ఎన్‌కోడర్, కరెంటు పోయినా స్థానాన్ని గుర్తుపెట్టుకునే రకం కాదు.

ఎన్‌కోడర్ ఉన్న క్లోజ్డ్ లూప్ స్టెప్పర్ ఒకటి స్నేహితుడి షెడ్‌లో కొన్నాళ్లు వాడి చూశాను. స్టెప్పులు తప్పితే అదీ చెబుతుంది. కానీ వేగం పెరిగేకొద్దీ టార్క్ పడిపోవడం మాత్రం అలాగే ఉంది.

రంధ్రం లోతును బట్టి డ్రిల్ ఒత్తిడి మారే పనికీ, 1000 ఆర్‌పీఎం దాటే పనికీ ఇప్పుడు నేను సర్వోనే పెడతాను. 600 లోపు వేగంతో, ఎప్పుడూ ఒకే బరువు లాగే పనికి స్టెప్పర్ చాలు. అలాంటి చోట లీడ్ 10 మి.మీ. ఉన్న స్క్రూ ఎంచుకుంటే అదే వేగానికి రౌండ్లు సగమవుతాయి, అప్పుడు స్టెప్పర్ బలంగా ఉండే చోటే పనిచేస్తుంది. ఒక్కో పల్సుకు 0.006 మి.మీ. అయినా మా హద్దులోనే ఉంటుంది. పట్టీ పొడవును బట్టి గంటకోసారి జరిగే స్టాపర్‌కు పోయిన నెల మోటార్ కొన్నాను. 10 మి.మీ. స్క్రూతో స్టెప్పరే తీసుకున్నాను.