ఫేస్ స్వాప్‌కి ఏ ఫోటో ఇవ్వాలి? చాన్నాళ్లు వాడాక నాకు తేలింది

చెన్నైలో మా చుట్టాల ఇళ్లల్లో ఏ ఫంక్షన్ వచ్చినా పోస్టర్లు, చిన్న వీడియోలు చేసే పని నాదే. అందులో ఫేస్ స్వాప్ కూడా ఉంటుంది, అంటే ఒకరి ఫోటోలో ఇంకొకరి ముఖం పెట్టడం. ముఖం తీసుకునే ఫోటో సోర్స్, దాన్ని పెట్టే ఫోటో టార్గెట్. అది కూడా ఫోటోలో ఉన్నవాళ్లు సరేనంటేనే. నేను వాడేది నా ల్యాప్‌టాప్‌లోనే నడిచే inswapper_128 మోడల్. రిజల్ట్ బాగుందా లేదా అన్నది సెట్టింగుల కంటే మనం ఎంచుకున్న సోర్స్ ఫోటో మీదే ఎక్కువ ఆధారపడుతుంది. అయితే ఎలా ఎంచుకోవాలో చెప్పే సలహాలు చాలావరకు అన్నింటినీ ఒకే గాటన కట్టేస్తాయి: టార్గెట్‌తో కోణం కలవాలి, వెలుతురు కలవాలి, రిజల్యూషన్ కలవాలి, నవ్వు కలవాలి అని. ఈ నాలుగింటి బరువూ ఒకటి కాదు.

కారణం మోడల్ పనిచేసే తీరులోనే ఉంది. ఫోటోషాప్‌లో ఒక ముఖాన్ని కోసి ఇంకో ఫోటో మీద అతికిస్తే పిక్సెళ్లు ఉన్నవి ఉన్నట్టే వస్తాయి కాబట్టి అక్కడ నాలుగూ కలవాల్సిందే. ఈ మోడల్ అలా అతికించదు. సోర్స్ ముఖాన్ని 112×112 సైజుకి కుదించి, ఈ మనిషి ఎవరో చెప్పే 512 అంకెలుగా మారుస్తుంది. తర్వాత టార్గెట్‌లో ఉన్న ముఖాన్నే ఆ అంకెల ప్రకారం మళ్లీ గీస్తుంది. తల తిప్పిన తీరు, నీడలు, నవ్వు చాలావరకు టార్గెట్‌వే. సోర్స్ నుంచి వచ్చేది పోలిక ఒక్కటే. అందుకే గ్రూప్ ఫోటోలో అత్త కళ్లు మూసుకుందని, ఆవిడదే కళ్లు తెరిచిన ఫోటో సోర్స్‌గా ఇస్తే కళ్లు తెరుచుకోవు. ఆ పనికి ఇంకో ఫ్రేములోంచి కోసి అతికించడమే దారి.

మా మామయ్య షష్టిపూర్తికి చేసిన పోస్టర్ సంగతి చెబుతాను. కుర్రతనంలో ఆయన కృష్ణుడి వేషం కట్టేవాడు. అప్పటి ఫోటో ఒక్కటీ మిగల్లేదు. "ఒక్కసారి ఆ కిరీటంతో నన్ను నేను చూసుకోవాలిరా" అన్నాడు. వడపళని వైపు డ్రెస్సులు అద్దెకిచ్చే షాపులో కిరీటం, నగలు తెచ్చి మా బావకి కట్టి ఫోటో తీశాం. బావ అంటే మామయ్య కొడుకే. ఆయన్నే ఎందుకు కూర్చోబెట్టామంటే, స్వాప్‌లో మారేది కనుబొమల నుంచి గడ్డం దాకా ఉన్న లోపలి భాగం మాత్రమే. దవడ అంచు, చెవులు, మెడ టార్గెట్ మనిషివే ఉండిపోతాయి. సన్నటి మొహం మీద వెడల్పాటి మనిషిని పెడితే కళ్లూ ముక్కూ కలిసినా మనిషి కలవడు. తండ్రీకొడుకుల దవడ ఒకటే కాబట్టి మాకు ఆ బాధ తప్పింది.

బావ తల పాతిక డిగ్రీలు పక్కకి తిప్పి చిరునవ్వుతో ఉన్నాడు. సోర్స్ కోసం మామయ్యవి నాలుగు ఫోటోలు దొరికాయి.

మొదటిది పెళ్లి స్టేజీ మీద తీసింది. మంచి కెమెరా, బోలెడంత సైజు. కానీ పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. ఆ నవ్వు రిజల్ట్‌లోకి రాదు గానీ, నవ్వితే బుగ్గలు పైకి లేస్తాయి, కళ్లు చిన్నవవుతాయి. మోడల్ దాన్నే ఆయన ముఖం అనుకుంటుంది. మామయ్య ఒక నాలుగు కేజీలు పెరిగినట్టు వచ్చాడు. నోరు మూసుకుని మామూలుగా ఉన్న ఫోటో దొరికితే నవ్వుల ఫోటో పక్కన పెట్టేయండి.

రెండోది సెల్ఫీ. చెయ్యి చాపినంత దూరం నుంచి తీస్తే ముక్కు పెద్దగా, చెవులు వెనక్కి పోయినట్టు పడతాయి. పైగా ఆ ఫోన్‌లో బ్యూటీ ఫిల్టర్ ఆన్‌లో ఉంది. సోర్స్‌గా అన్నింటికంటే చెడ్డది ఇదే అంటాను. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది కాబట్టి అనుమానం రాదు. ఫిల్టర్ అప్పటికే దవడ సన్నం చేసి కళ్లు పెద్దవి చేసేసి ఉంటుంది, పోలిక అక్కడే పోయింది. నుదుటి మీద ముడతలు, చర్మం మీద గరుకు అసలు లేకపోతే ఫిల్టర్ పడిందనుకోవచ్చు.

మూడోది పాస్‌పోర్ట్ ఫోటో. ముఖం నేరుగా ఉంది, వెలుతురు సమంగా ఉంది, నవ్వు లేదు. పుస్తకాల్లో చెప్పే ఆదర్శ సోర్స్ ఇదే. చిక్కల్లా మీసంతో వచ్చింది. కృష్ణుడికి మీసం ఉండదు, బావ కూడా గీసుకునే కూర్చున్నాడు. మోడల్ మీసాన్ని పూర్తిగా తేదు, పూర్తిగా వదలదు. పై పెదవి మీద మసి రాసినట్టు బూడిదరంగు మరక మిగిలింది.

నాలుగోది తిరుమలలో తలనీలాలు ఇచ్చాక తీసింది. గుండు, గంధం, మీసం లేదు. మిగతావాళ్లు దాన్ని చూసి నవ్వారు గానీ పని చేసింది అదే. గుండుతో ఇబ్బంది లేదు, మోడల్ ఎలాగూ జుట్టును పట్టించుకోదు, టార్గెట్‌లో కిరీటం ఉంది. తల ఒక పదిహేను డిగ్రీలు పక్కకి తిరిగి ఉంది కాబట్టి టార్గెట్‌కి దగ్గర. నీడలో నిలబడటం వల్ల ముఖమంతా ఒకే వెలుతురు. ముఖం వెడల్పు సుమారు 180 పిక్సెళ్లే, కానీ కుదించేది 112కి కాబట్టి అది చాలు. మా గ్రూపులో తిరిగిన కాపీ మాత్రం వాట్సాప్ నొక్కేసి మసకబార్చింది. తీసినవాళ్లని అడిగి ఒరిజినల్‌ను డాక్యుమెంట్‌గా పంపించుకున్నాను.

కోణం కంటితో తేల్చుకోలేకపోతే ఈ చిన్న పైథాన్ కోడ్ చాలు:

```python
import cv2
from insightface.app import FaceAnalysis
app = FaceAnalysis(name="buffalo_l")
app.prepare(ctx_id=-1, det_size=(640, 640))
for f in app.get(cv2.imread("photo.jpg")):
    print(f.pose, f.bbox[2] - f.bbox[0])
```

మొదట వచ్చే మూడు అంకెల్లో మధ్యది తల పక్కకి తిరిగిన డిగ్రీలు. చివర విడిగా వచ్చేది ముఖం వెడల్పు. భుజం వైపు తల వాల్చడాన్ని చూపే మూడో అంకెని పట్టించుకోనక్కర్లేదు, కళ్లు, ముక్కు, నోటి బిందువులు పట్టుకుని మోడల్ దాన్ని నిలువు చేసుకుంటుంది. పక్కకి తిరగడాన్ని మాత్రం సరిచేయలేదు. నేరుగా తీసిన ఫోటోలో ముక్కు ఎంత ముందుకు ఉందో తెలియదు కదా. నా వాడకంలో సోర్స్‌కీ టార్గెట్‌కీ తేడా ఇరవై డిగ్రీల లోపు ఉంటే పోలిక నిలబడుతోంది. టార్గెట్ నలభై అయిదు దాటితే ఏ సోర్స్ ఇచ్చినా దూరం వైపు కన్ను తేడా కొడుతోంది.

వెలుతురు విషయంలో ఒక్కటే చూస్తాను: సగం ముఖం నల్లటి నీడలో ఉండకూడదు, కళ్యాణ మండపం పసుపు లైటు ముఖమంతా పరుచుకుని ఉండకూడదు. ఎటు వైపు నుంచి పడింది అన్నది నాకు అనవసరం. దిశ కలపాలని ఫోటోని అద్దంలోలా తిప్పడం కూడా అనవసరం.

రిజల్యూషన్ సంగతికొస్తే అందరూ సోర్స్ గురించి కంగారు పడతారు, చూసుకోవాల్సింది టార్గెట్‌ని. ఈ మోడల్ గీసే ముఖం 128×128 మాత్రమే. బావ క్లోజప్‌లో ముఖం 600 పిక్సెళ్లు ఉంది, అంటే దాదాపు అయిదింతలు సాగదీయాలి. ముఖం మసక, కిరీటం మాత్రం ముత్యం ముత్యం కనబడేంత స్పష్టం. ముఖాన్ని మెరుగుచేసే GFPGAN వేస్తే మసక పోయింది గానీ చర్మం ప్లాస్టిక్ అయింది. చివరికి నడుం దాకా కనిపించే ఫ్రేము తీసుకున్నాం. అందులో ముఖం 200 పిక్సెళ్లే, కంటికి తేడా తెలియలేదు. తిలకం కింది కొస మాత్రం చెరిగింది, దాన్ని అసలు ఫోటోలోంచి తెచ్చి మాస్క్‌తో మళ్లీ అద్దాను.

ఒకటి కంటే ఎక్కువ సోర్స్‌లు ఇస్తే వాటి అంకెల సగటు తీసే టూల్స్ ఉన్నాయి. మామూలుగా అది మంచిదే, ఒక ఫోటోలో లోపాన్ని ఇంకోటి కప్పేస్తుంది. ఇక్కడ గుండు ఫోటోతో పాస్‌పోర్ట్ ఫోటో కలిపితే మీసం మరక మళ్లీ తిరిగొచ్చింది, కాబట్టి ఒక్కదానితోనే ముగించాను.

పోస్టర్ చూసి మామయ్య ముందు అడిగింది, "ఏరా, నా మీసం ఎవర్ని అడిగి తీసేశావు?" అని. తిరుమల ఫోటో చూపించాను. ఇప్పుడు భీముడి వేషం కావాలంటున్నాడు. దానికి పాస్‌పోర్ట్ ఫోటో పనికొస్తుంది, కానీ బావ మీసం పెంచాలి. మమ్మల్ని చూసి తెలిసిన స్టూడియో ఆయన ఆల్బమ్‌లకి డబ్బులిచ్చి చేయించుకుంటానన్నాడు. ఈ మోడల్ లైసెన్సు వ్యాపారానికి ఒప్పుకోదని చెప్పి వద్దన్నాను.