పిల్లాడి కంటిరెప్ప వాచింది: స్కాన్ ఇప్పుడే తీయించాలా, ఒక రోజు చూడాలా? ఏది మేలు?

పోయిన చలికాలం ఓ శుక్రవారం పొద్దున్నే ముమ్మిడివరం వైపు నుంచి బండి మీద వచ్చారు, నాన్న, నాయనమ్మ, మధ్యలో ఆరేళ్ల పిల్లాడు. ఎడమకన్ను పూర్తిగా మూసుకుపోయి రెప్ప ఎర్రగా ఉబ్బి నిగనిగలాడుతోంది. నాయనమ్మగారు "కందిరీగేదో కుట్టుంటదండీ, నిన్న పొద్దున్న కొంచెమే ఉందండీ, మందుల షాపులో చుక్కలిచ్చారండీ ఆయ్" అన్నారు. జలుబు ఉందా అంటే వారం పైనే అయింది, ముక్కులోంచి చిక్కటి పచ్చ చీమిడి, ముందురోజు రాత్రి 102 జ్వరం. నేను ఈఎన్‌టీ చూస్తాను కాబట్టి ఈ జలుబు, ఆ రెప్ప పక్కపక్కన కనపడితే కందిరీగ నాకు గుర్తుకి రాదు. స్కాన్ అనగానే నాన్న మొహం మారిపోయింది, "అంత చిన్నోడికి స్కానెందుకండీ, ఒక్కరోజు సెలైన్‌లో మందెక్కించి చూద్దామండీ" అని.

ఆయన అడిగింది పిచ్చి ప్రశ్నేం కాదు, మాలో మేం కూడా వాదించుకునేదే అది. అందుకే రెండువైపులా రాస్తున్నా.

ముందు లోపల ఏం జరుగుతుందో తెలియాలి. రెండు కళ్ల మధ్య, ముక్కు పక్కన, తేనెపట్టులా చిన్నచిన్న గదులుంటాయి, ఎత్మాయిడ్ సైనస్ అంటాం, పుట్టినప్పటినుంచే ఉంటాయివి. వాటికీ కంటిగూడుకీ మధ్య గోడ కాగితమంత పల్చన, దాని లాటిన్ పేరుకి అర్థమే కాగితపు పొర. మన దగ్గర వరిచేను పక్కన రొయ్యల చెరువు తవ్వితే గట్టు తెగక్కర్లేదు కదా, ఊట చాలు, చేలోకి ఉప్పు దిగిపోద్ది. ఇదీ అంతే. పైగా ఆ చుట్టుపక్కల సిరల్లో రక్తం రెండువైపులా పారగలదు, లాకులు లేని కాలవ అనుకోండి, నీరు ఎటైనా పోతుంది, అంటే వెనక్కి మెదడు వైపుకి కూడా.

ఇంకో గోడ రెప్పలో ఉంటుంది, సెప్టమ్ అనే పల్చటి పొర. ఇన్ఫెక్షన్ దానికి ముందే ఆగితే అది రెప్ప జబ్బు, పురుగు కుట్టినా కంటికురుపు వచ్చినా గీసుకున్నా వచ్చేది ఎక్కువగా అదే. దాని వెనక్కి వెళ్తే కంటిగూడు జబ్బు, ఆర్బిటల్ సెల్యులైటిస్. బయట నుంచి చూస్తే రెండూ ఒకే వాపు. అసలు చిక్కంతా ఇక్కడే, రెప్ప ఎంత వాచింది అన్నది దేనికీ కొలత కాదు, భయంకరంగా వాచిన రెప్ప కింద కన్ను హాయిగా ఉండొచ్చు, కొంచెమే వాచిన రెప్ప వెనక చీము ఉండొచ్చు.

ఆగి చూడటం అనేవాళ్ల వాదన ఏంటంటే, సెప్టమ్ ముందున్న జబ్బుకి సీటీ స్కాన్ దండగ, మందుతోనే తగ్గుతుంది, పిల్లాడికి రేడియేషన్ ఎందుకు, స్కాన్‌లో తేడా తేలడానికిచ్చే కాంట్రాస్ట్ ఇంజెక్షన్ ఎందుకు, కదిలే పిల్లాడైతే మత్తెందుకు అని. నిజమే. రెప్పని వేళ్లతో విడదీసి చూస్తే కింద కన్ను తెల్లగా ఉండి, నాలుగువైపులా నొప్పి లేకుండా తిరిగి, రెండు కళ్లూ ఒకే లెవెల్లో ఉండి, చూపు బాగుంటే నేనూ స్కాన్ రాయను. కాకపోతే జలుబు, జ్వరం ఉన్న పిల్లాడి విషయంలో ఆగటం అంటే ఇంటికెళ్లి ఆగటం కాదండీ, వార్డులో, నరం ద్వారా యాంటీబయాటిక్ పడుతూ, కొన్ని గంటలకోసారి ఎవరో ఒకరు రెప్ప తెరిచి కన్ను చూస్తూ ఆగటం. 24 నుంచి 48 గంటల్లో వాపు, జ్వరం దిగాలి. దిగకపోతే ఆగటం అయిపోయినట్టే, స్కానే.

వెంటనే స్కాన్ అనే పక్షానికి బలం ఎక్కడుందంటే కన్ను ముందుకు పొడుచుకొచ్చినా, కన్ను తిప్పితే నొప్పన్నా, ఒకవైపు తిరగకపోయినా, చూపు మసకబారినా, రంగులు వెలిసినట్టు కనపడినా, పిల్లాడు మగతగా ఉండి వాంతులు చేసుకుంటూ తలనొప్పి అంటున్నా, వీటిలో ఒక్కటి చాలు. ఇంకోటి చాలామంది మర్చిపోతారు, వాపు వల్ల రెప్ప అసలు తెరవలేక కింద కన్ను చూడలేకపోతే అది కూడా స్కాన్‌కి కారణమే, ఎందుకంటే కనపడని కన్ను బాగుంది అనుకోడానికి మన దగ్గర ఏ ఆధారమూ లేదు.

మన పిల్లాడి సంగతికొస్తే, నాయనమ్మ ఒళ్లో పడుకోబెట్టి రెప్ప విడదీశా. ఏడ్చాడు, పర్లేదు. తల వెనకనుంచి, నుదుటి మీదుగా కిందకి చూస్తే ఎడమకన్ను కుడిదానికంటే కొంచెం ముందుకుంది, కాస్త బయటికి, కిందకి జరిగినట్టు కూడా ఉంది. లోపలివైపు, అంటే ముక్కు వైపు ఏదో తోస్తోందన్నమాట. టార్చ్‌ని ముక్కు వైపు చూడమంటే "నొప్పి" అని మూసేశాడు. నీళ్లసీసా ఎర్ర మూత ఒక్కో కంటికి చూపించి రంగు ఒకేలా ఉందా అనడిగా, ఒకేలా ఉందన్నాడు. టార్చ్ ఒక కంటి నుంచి ఇంకో కంటికి మారుస్తుంటే రెండు పాపలూ సమానంగానే ముడుచుకుంటున్నాయి. అంటే చూపు నరం ఇంకా బాగానే ఉంది, కానీ కంటిగూట్లో జబ్బుంది. ఇంక ఆగే ప్రశ్న లేదు.

ఇక్కడ ఇంకో తప్పు జరుగుతుంది, స్కాన్ అయ్యాకే మందు మొదలెడదాం అని. మాకు దగ్గర్లో పిల్లలకి సరిగ్గా తీసేచోటు అంటే కాకినాడే, ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా వెళ్లి, అక్కడ క్యూలో కూర్చునేసరికి సగం రోజు. ఏ క్రిమి పెరుగుతుందో చూడ్డానికి రక్తం కల్చర్‌కి తీసి, మొదటి డోసు ఇక్కడే ఇచ్చేశా. 18 కిలోల పిల్లాడు, సెఫ్‌ట్రియాక్సోన్ రోజుకి కిలోకి 100 మిల్లీగ్రాముల లెక్కన రెండు డోసులు, అంటే పూటకి 900 మిల్లీగ్రాములు. దానికి తోడు స్టాఫిలోకాకస్ క్రిములకి వాంకోమైసిన్, గాలి లేనిచోట పెరిగే వాటికి మెట్రోనిడజోల్ అక్కడ కలిపారు. ఈ లెక్క ఎవరూ ఇంట్లో వాడుకోడానికి కాదు, స్కాన్ కోసం మందు ఆగక్కర్లేదని చెప్పడానికే.

చీటీ మీద ఏం రాశారన్నది కూడా చూసుకోండి. ఒట్టి "సైనస్ సీటీ, ప్లెయిన్" అని రాస్తే సైనస్‌లో చీమిడి కనపడుద్ది గానీ కంటిగూట్లో చీముగడ్డ అంచు తేలదు. కంటిగూడు, సైనస్ రెండూ కలిపి, కాంట్రాస్ట్‌తో అని ఉండాలి, మెదడు మీద అనుమానముంటే అదీ చేర్చాలి.

సీటీనా ఎమ్మారైనా అంటే, రేడియేషన్ లేదు కదా అని ఎమ్మారై అడుగుతారు. మెదడులోకి పాకిందా, మెదడు కింద పెద్ద సిరలో గడ్డకట్టిందా అన్నదానికి ఎమ్మారై బాగుంటుంది, ఒప్పుకుంటా. కానీ అరగంట పైనే కదలకుండా ఉండాలి, ఆరేళ్లోడికి దాదాపు మత్తు తప్పదు, అసలు అది ఖాళీగా దొరకాలి. సీటీ యంత్రం తిరిగేది కొన్ని సెకన్లు, మావాడు వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని మత్తు లేకుండానే తీయించుకున్నాడు. ఇలాంటి ఒక్క సీటీ రేడియేషన్, మనకి ఏడాదంతా నేల నుంచీ ఆకాశం నుంచీ ఎలాగూ తగిలేదానికి అటూఇటూగా ఉంటుంది. అవసరం లేకుండా తీయకూడదు, నిజమే, కానీ చూపు పోయే జబ్బు పక్కన పెడితే అది చిన్నది. మొదటిరాత్రి అయితే నా ఓటు సీటీకే.

రిపోర్టు వచ్చింది: ఎడమ ఎత్మాయిడ్ గదులన్నీ నిండిపోయాయి, కంటిగూటి లోపలి గోడ పక్కన సన్నటి కటకం ఆకారంలో చీము, మందం 4 మిల్లీమీటర్లు, పక్కనున్న కండరం ఉబ్బింది. చీముందంటే ఆపరేషనే కదా అనుకుంటారు, వాళ్ల నాన్న కూడా ఫోన్‌లో అదే అడిగారు. ఇక్కడ వయసు పనిచేస్తుంది. తొమ్మిదేళ్లలోపు పిల్లాడై, చీము చిన్నదై, లోపలి గోడ పక్కనే ఉండి, చూపు బాగుండి, నుదుటి సైనస్ జోలికి వెళ్లకుండా, గాలి బుడగల్లేకుండా, పంటి నుంచి రాకుండా ఉంటే చాలామందికి మందుతోనే కరుగుతుంది, ఎందుకంటే చిన్నపిల్లల్లో ఎక్కువగా ఒకటే రకం క్రిమి ఉంటుంది. పెద్దపిల్లల్లో రకరకాలవి కలిసి ఉంటాయి, సైనస్ దారులు కూడా త్వరగా మూసుకుపోతాయి, వాళ్లకి ముక్కులోంచి దుర్బిణీ పెట్టి ఎత్మాయిడ్ గదులు తెరిచి చీము వదలగొట్టాల్సి రావడం ఎక్కువ. చూపు తగ్గుతుంటే మాత్రం వయసుతో పనిలేదు, ఆ రాత్రే థియేటర్.

స్కాన్ తీశాం కదా అని ధీమా పడకూడదనడానికి ఇంకో కేసు చెప్తా. అంతకు ముందు ఏడాది రావులపాలెం వైపు నుంచి పన్నెండేళ్ల అమ్మాయి, వాపు మొదలైన మొదటి పూటే ఎవరో సీటీ తీసేశారు, చీము లేదని వచ్చింది. ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు, వార్డులో కూడా "స్కాన్ నార్మల్" అనే మాట ఒకరి నుంచి ఒకరికి పాకిపోయి కన్ను తెరిచి చూడటం తగ్గిపోయింది. మూడోరోజు కన్ను పైకి తిరగట్లేదు. మళ్లీ తీస్తే పైగోడ కింద చీము, నుదుటి సైనస్ నిండా చీమిడి, ఆపరేషన్ తప్పలేదు. మరీ ముందు తీసిన స్కాన్ ఆ గంటకి ఫొటో అంతే, చీము తర్వాత కూడా పట్టొచ్చు. ఆ పాపకి చూపు దక్కింది, రెండోరోజే చూసుంటే ఇంకో రోజు కలిసొచ్చేది.

అందుకే స్కానా, ఆగడమా అన్నది నేను కంటిని బట్టి తేలుస్తా, గడియారాన్ని బట్టి కాదు. కన్ను బాగుందని నా కళ్లతో చూస్తే ఆగుతా, బాగోకపోయినా చూడలేకపోయినా స్కాన్, ఏది చేసినా కన్ను తెరిచి చూడటం మాత్రం మానను. ఊళ్లో ఆ చూసే మనిషి రాత్రిపూట లేకపోతే ఆ చోట ఆగడం పనికిరాదు, కాకినాడో రాజమండ్రో వెళ్లిపోవాలి.

పిల్లాడికి మొదటి రాత్రి జ్వరం తగ్గలేదు, కన్ను మాత్రం పెరగలేదు, చూపు అలాగే ఉంది. నాలుగు గంటలకోసారి ఎర్ర మూత చూపిస్తుంటే విసుక్కున్నాడట, "ఎరుపే, ఎరుపే" అని. ముప్పై ఆరు గంటలకి జ్వరం దిగింది, మూడోరోజు పొద్దున్న రెప్ప సన్నగా తెరిచాడు. నాన్నగారే ఇప్పుడు మళ్లీ స్కాన్ అడిగారు, చీము కరిగిందో లేదో చూద్దామని. వద్దన్నాం, కన్ను తేరుకున్నాక కూడా సీటీలో ఆ మచ్చ కొన్నాళ్లు ఉంటుంది, అది చూసి అనవసరంగా కత్తి పట్టిన సందర్భాలున్నాయి. వారంలో ఇంటికి పంపారు, నోటి మందుతో కలిపి మొత్తం మూడువారాలు వాడాడు. కల్చర్‌లో ఏమీ పెరగలేదు, అలా రావడం మామూలే. నాయనమ్మగారు తర్వాత వచ్చినప్పుడు కూడా కందిరీగ మాట వదల్లేదు లెండి.