క్వార్టర్ ఫలితాలు నోటితో చెప్పాలంటే: పట్టిక చదవడమా, తేడా చెప్పడమా?

ఇన్వెస్టర్ కాల్‌కి స్క్రిప్ట్ రాసేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. పట్టికను పైనుంచి కిందిదాకా చదవాలా, లేక లాభం నిరుటికీ ఇప్పటికీ ఎందుకు మారిందో అదొక్కటే చెప్పాలా?

పట్టిక చదివితే మాట జారే భయం ఉండదు, అందులోవన్నీ అప్పటికే ఎక్స్ఛేంజీకి పంపిన అంకెలే కాబట్టి. కానీ ఆ పట్టిక వినేవాళ్ల దగ్గర కూడా ఉంటుంది. పైగా ఇతర ఆదాయం దగ్గరికి వచ్చేసరికి మొదట చెప్పిన అమ్మకాలు ఎవరికీ గుర్తుండవు.

ఊహకు ఒక విత్తనాల కంపెనీ జూన్ క్వార్టర్ తీసుకుందాం. అమ్మకాలు 360 కోట్ల నుంచి 400 కోట్లకు పెరిగాయి, నికర లాభం మాత్రం 42 నుంచి 30 కోట్లకు పడింది. పట్టిక చదివితే వినేవాడికి మిగిలేది "లాభం పడిపోయింది" అన్న టెన్షన్ ఒక్కటే. తేడా చెప్పే పద్ధతిలో ఇలా ఉంటుంది: "నిరుటి 42లో 15 కోట్లు స్థలం అమ్మితే వచ్చినవి, ఈసారి అలాంటిది లేదు. అంటే అసలు వ్యాపారం మీద నిరుడు వచ్చింది 27. అమ్మకాలు పెరిగి 8 కోట్లు కలిశాయి, విత్తనం పండించే రైతులకు ధర పెంచడంతో 5 కోట్లు పోయాయి, మిగిలింది 30." అర నిమిషం కూడా పట్టదు, లెక్క పైసాతో సహా సరిపోతుంది.

మార్జిన్లూ బేసిస్ పాయింట్లూ చెప్పడం మూడో దారి. అనలిస్టులకు సరే, చిన్న వాటాదారుడికి "వంద రూపాయల అమ్మకం మీద నిరుడు మిగిలింది ఏడున్నర, ఇప్పుడూ ఏడున్నరే, స్థలం డబ్బు పక్కన పెడితే" అంటే చాలు.

అయితే తేడా లెక్కలో మోసానికి దారి ఉంది. కలిసొచ్చినదాన్ని వ్యాపారంలో కలిపేసి, నష్టాన్ని మాత్రం "ఈ ఒక్కసారికే" అని పక్కన పెట్టేవాళ్లున్నారు. అదే ఖర్చు వరసగా మూడు క్వార్టర్లు "ఒక్కసారి" వచ్చిందంటే అది వ్యాపారంలో భాగమే. అందుకే పట్టికలో ఉన్న 42 ముందు చెప్పి, ఆ తర్వాతే 27కి రావాలి. తిరగేసి చెబితే దాచినట్టే అనిపిస్తుంది.

ఇంకొకటి, దేనితో పోలుస్తున్నామన్నది. ఖరీఫ్ విత్తనాలు ప్రధానంగా అమ్మే కంపెనీ జూన్‌ని మార్చితో పోల్చి "అమ్మకాలు ఎన్నో రెట్లు" అంటే అది సీజన్ తప్ప మరేం కాదు, నిరుటి జూన్‌తోనే పోల్చాలి. లాభం అయ్యాక డీలర్ల దగ్గర రావాల్సిన బాకీ కూడా ఒక్క వాక్యంలో చెప్పేయండి. మీరు చెప్పకపోతే మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది.