ఎకరాల ఫిల్టర్: ఒక గడి మేలా, రెండు గడులా?

నల్గొండ రియల్ ఎస్టేట్ ఏజెన్సీ వెబ్‌సైట్‌లో వ్యవసాయ భూమి విస్తీర్ణానికి ఒకే దశాంశ గడి పెడితే పని తొందరగా అయిపోతుంది. కానీ మన దగ్గర 1.20 అని రాస్తే ఎకరం ఇరవై గుంటలు, అంటే 60 గుంటలు. సైట్ దాన్ని 1.2 ఎకరాలుగా చదివి 48 గుంటలే లెక్కిస్తుంది. 50 గుంటలకు పైన కావాలని సెర్చ్ సేవ్ చేసుకున్న మిర్యాలగూడ కొనుగోలుదారుకు ఆ భూమి అలర్ట్ వెళ్లనే వెళ్లదు. తప్పు జరిగిన సంగతి కూడా ఎవరికీ తెలియదు, అదే నాకు బాధ.

ఎకరాలకొకటి, గుంటలకొకటి రెండు గడులు పెడితే ఫారం కాస్త పొడుగవుతుంది, అంతే. నేనైతే ఇదే పెడతాను. గుంటలు 39 దాటితే తీసుకోకూడదు. డేటాబేస్‌లో మొత్తం గుంటల్లోనే దాచాలి: ఎకరాలు × 40 + గుంటలు. పాత లిస్టింగులను మాత్రం పాస్‌బుక్ చూసి సరిచేయాల్సిందే. 1.5 అని ఉంటే ఎకరంన్నరో, ఎకరం ఐదు గుంటలో స్క్రీన్ చూసి చెప్పలేం.