ఉద్యోగ వేటకు ముందు పాత ఫేస్‌బుక్ ఖాతా: మూసెయ్యాలా, కుదించాలా, ఏరిపారెయ్యాలా?

మహబూబ్‌నగర్‌లోనో నల్గొండలోనో డిగ్రీ పూర్తి చేసి హైదరాబాద్‌లో ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టుకునే యువతీయువకులలో చాలామందికి ఇంటర్ రోజులలో తెరిచిన ఫేస్‌బుక్ ఖాతా ఒకటి ఇంకా ఉంటుంది. దానిని ఏం చేయాలన్న ప్రశ్నకు మూడు దారులు ఉన్నాయి. ఖాతాను పూర్తిగా తొలగించవచ్చు, పాత పోస్టులన్నింటినీ ఒకేసారి మిత్రులకు మాత్రమే కనిపించేలా కుదించవచ్చు, లేదా ఇబ్బందికరమైనవాటిని ఒక్కొక్కటిగా ఏరి తీసేయవచ్చు. ఎక్కువమంది మొదటి దారినే పట్టాలనుకుంటారు. నా అభిప్రాయంలో అది చివరి దారి కావాలి, ఎందుకంటే ఖాతా పోతే దానితోపాటు మన పాత జాడలను వెతికిపట్టే సాధనం కూడా పోతుంది.

మిర్యాలగూడకు చెందిన ఒక యువకుడిని ఊహించుకుందాం. అతడు ప్రైవేటు బ్యాంకులో ఖాతాదారులతో మాట్లాడే ఉద్యోగానికి ప్రయత్నిస్తున్నాడు. అతని ఖాతాలో మూడు రకాల చిక్కులు ఉన్నాయి. సినిమా హీరోల అభిమానుల గొడవల్లో తన గోడమీద అతడు పెట్టిన బూతు పోస్టులు మొదటివి. 2022 నవంబరు మునుగోడు ఉపఎన్నిక సమయంలో ఒక టీవీ చానల్ పేజీలో, ప్రచారం ప్రత్యక్ష ప్రసారం కింద, ఒక కులాన్ని కించపరుస్తూ రాసిన వ్యాఖ్యలు రెండవవి. నాగార్జునసాగర్ దగ్గర బీరు సీసాలతో దిగిన బృంద చిత్రాన్ని ఒక మిత్రుడు పెట్టి ఇతనిని ట్యాగ్ చేయడం మూడవది.

ఇతడు గూగుల్‌లో తన పేరు వెతికి ఏమీ దొరకలేదని ఊరట చెందితే అది తప్పుడు ఊరటే అవుతుంది. మన పేర్లను ఇంగ్లీషులో రాసే తీరు ఒక్కటి కాదు. శ్రీకాంత్ అన్న ఒక్క పేరే Srikanth, Sreekanth, Shrikanth అని మూడు విధాలుగా ఉంటుంది, ఇంటిపేరు అక్షరం కొందరికి ముందు, కొందరికి వెనుక వస్తుంది. కాబట్టి లాగిన్ కాని అజ్ఞాత విండోలో ప్రతి రూపాన్నీ ఊరి పేరుతోనూ కాలేజీ పేరుతోనూ కలిపి, తెలుగు లిపిలోనూ వెతకాలి. ఉదాహరణకు:

```
"Srikanth" Miryalaguda site:facebook.com
```

ఇంత చేసినా, ఫేస్‌బుక్ వ్యాఖ్యలలో చాలా భాగం గూగుల్‌కు చిక్కదు. అయితే ఫేస్‌బుక్‌లోనే ఉన్న మరొకరు ఆ చానల్ పోస్టు తెరిస్తే వాటిని చదవగలరు. అందుకే మన మిత్రుల జాబితాలో లేని ఒక బంధువు ఖాతా నుంచి కూడా చూడమని అడగడం అవసరం.

ఇప్పుడు కుదింపు దారి చూద్దాం. సెట్టింగుల్లోని వెతుకు పెట్టెలో Limit past posts అని కొడితే ఆ మీట దొరుకుతుంది. దానిని నొక్కితే అందరికీ, లేదా మిత్రుల మిత్రులకు కనిపించే మన పాత పోస్టులన్నీ మిత్రులకు పరిమితమవుతాయి. పని రెండు నిమిషాలదే. మనసు మార్చుకుంటే మాత్రం తిరిగి ఒక్కొక్క పోస్టునూ విడిగా మార్చుకోవలసిందే. ఇది మన యువకుడి మొదటి చిక్కును బయటివారి కంటి నుంచి దాస్తుంది. రెండవ చిక్కును తాకనైనా తాకదు. వ్యాఖ్య ఎవరికి కనిపించాలో ఆ పోస్టు పెట్టినవారు నిర్ణయిస్తారు, చానల్ పేజీ బహిరంగం కనుక దాని కింది మాటలూ బహిరంగమే. సాగర్ చిత్రం మిత్రుడిది కనుక అక్కడా ఈ మీట పనిచేయదు. ప్రొఫైల్‌లోని View As ద్వారా చూసుకుని అంతా శుభ్రమైందనుకోవడం ఇక్కడ జరిగే మామూలు పొరపాటు, ఎందుకంటే అందులో ఇతరుల పోస్టుల కింద మనం రాసిన వ్యాఖ్యలు కనిపించవు.

తొలగింపు దారికి ఒక బలం ఉంది, దానిని ఒప్పుకోవాలి. ఖాతా పోతే పోస్టులతోపాటు మన వ్యాఖ్యలు కూడా పోతాయి. కానీ తొలగించమని చెప్పిన తరువాత 30 రోజుల గడువు ఉంటుంది, ఆ లోపు లాగిన్ అయి రద్దు చేసుకోవచ్చు. మొత్తం సమాచారం చెరిగిపోవడానికి 90 రోజుల వరకు పట్టవచ్చని ఫేస్‌బుక్ చెబుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, సాగర్ చిత్రం మిత్రుడి ఖాతాలో అలాగే ఉంటుంది. మనను ట్యాగ్ చేసిన చిత్రాల జాబితా చూసే వీలు ఖాతాతోనే పోయింది కాబట్టి, ఇంకా ఎవరెవరి దగ్గర ఏ చిత్రం ఉందో తెలుసుకునే సులువైన మార్గం మిగలదు.

ఇక ఏరివేత. ఇది ఓపిక పని, కానీ అసలు చిక్కులను తీర్చేది ఇదే. ముందుగా ఫేస్‌బుక్ సెట్టింగుల నుంచి మన సమాచారపు నకలు దించుకోవాలి. అక్కడ HTML, JSON అని రెండు రూపాలు అడుగుతుంది. HTML ఎంచుకోవాలి, ఎందుకంటే JSON ఫైలులో తెలుగు అక్షరాలు మనం చదవలేని సంకేతాలుగా వస్తాయి. వ్యాఖ్యల ఫైలును బ్రౌజర్‌లో తెరిచి Ctrl+F నొక్కి మాటలు వెతకాలి. మనం తిట్టేటప్పుడు సగం తెలుగు లిపిలో, సగం ఇంగ్లీషు అక్షరాలలో రాసి ఉంటాం గనుక "దొంగలు" అనీ, dongalu అనీ, dhongalu అనీ వేర్వేరుగా వెతకకపోతే సగమే దొరుకుతుంది. మన యువకుడు "మునుగోడు", Munugode అని వెతికితే ఆ మాట ఉన్న వ్యాఖ్యలు రాసిన తేదీలు కనిపిస్తాయి. ఆ తరువాత Activity log తెరిచి, వ్యాఖ్యల విభాగంలో ఆ తేదీలకు వెళ్లి, వాటిని తొలగించాలి.

ఏది తీయాలి, ఏది ఉంచాలి అన్నది ఇక్కడే తేలుతుంది. ఒక పార్టీని బలపరిచినందుకో, ఫ్లోరైడ్ నీటి గురించి నాయకులను నిలదీసినందుకో ఒక మాటను చెరపాలని నేను అనుకోను. అది పౌరుడి మాట. కులాన్ని, మతాన్ని, ఆడవారిని కించపరిచే మాటలు మాత్రం ఉద్యోగం ఉన్నా లేకపోయినా ఉండకూడనివి.

ట్యాగ్ చేసిన చిత్రాలకు Remove tag ఉంది. అది చిత్రానికీ మన ప్రొఫైల్‌కూ ఉన్న లంకెను తెంపుతుంది, చిత్రాన్ని చెరపదు. అందుకని పెట్టినవారినే అడగాలి. "అన్నా, ఆ సాగర్ ఫోటో తీసేయవా, నాకు ఇంటర్వ్యూలున్నయ్" అని ఫోన్ చేసి అడిగితే సాధారణంగా ఎవరూ కాదనరు. ట్యాగ్‌ను ముందే తీసేస్తే తరువాత ఆ చిత్రం ఎక్కడుందో వెతుక్కోవలసి వస్తుంది కనుక, ఆ చిత్రం లింకును నోట్ చేసుకుని, మిత్రుడిని అడిగి, ఆ తరువాతే ట్యాగ్ తీయడం మంచిది.

కాబట్టి నా లెక్కలో వరుస ఇది: ఈ రోజే కుదింపు, ఈ వారాంతంలో వ్యాఖ్యలు, చిత్రాల ఏరివేత. తొలగింపును, పాస్‌వర్డ్ తెలిసి ఉండి ఎన్నేళ్లుగానో వాడని రెండవ ఖాతాకు, అది కూడా ట్యాగ్‌ల జాబితా చూసిన తరువాతే, ఉంచుకోవాలి. పాత వ్యాఖ్యల ఊసే లేనివారికి, అంటే తన గోడమీద తప్ప ఎక్కడా రాయనివారికి, కుదింపు ఒక్కటే దాదాపు సరిపోతుంది.

పోస్టు తీసేసిన తరువాత కూడా గూగుల్ ఫలితాలలో దాని పాత ముక్క కొంతకాలం కనిపించవచ్చు. అలాంటప్పుడు గూగుల్ వారి Refresh Outdated Content పేజీలో ఆ లింకు ఇచ్చి తాజా చేయమని అడగవచ్చు. అసలు పేజీలో ఆ మాట ఇంకా ఉంటే ఆ వినతి చెల్లదు, కాబట్టి ఈ పని ఏరివేత ముగిశాకే మొదలుపెట్టాలి.