తేనె రంగును అంకెల్లో కొలిచే ఫండ్ మీటరు: దీర్ఘకాల వాడకం తర్వాత నా సమీక్ష

హైదరాబాదులో చిన్న స్థాయిలో తేనె కొని, వడపోసి, సీసాల్లో నింపి అమ్మే పనిలో ఉన్నాను. పెంపకందారులు తెచ్చే ప్రతి డబ్బా నుంచి కొంత తేనె తీసి, దాని రంగును చేతిలో ఇమిడే ఫండ్ మీటరుతో కొలిచి నమోదు చేయడం కొన్నేళ్లుగా నా అలవాటు. ఈ పరికరం మంచిదా కాదా అన్నది దాని నుంచి మనం ఏమి ఆశిస్తున్నాము అన్నదానిపై ఆధారపడి ఉంటుంది. రంగును కొలవడంలో నేను దీన్ని పూర్తిగా నమ్ముతాను. ఆ రంగు ఏ పువ్వుది అన్న ప్రశ్నకు మాత్రం ఇది సగం జవాబే ఇస్తుంది.

ఫండ్ స్కేలు పుట్టింది ఒక గాజు పట్టీ నుంచి. ఒక కొస పలుచగా, రెండో కొస మందంగా ఉండే అంబరు రంగు గాజును తేనె పక్కన జరుపుతూ పోతే, రెండు రంగులూ ఒకటిగా కనిపించే చోటు ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర వస్తే అదే ఆ తేనె అంకె. 8 లోపు ఉన్న తేనె దాదాపు నీళ్లలా ఉంటుంది, 51 నుంచి 85 వరకు లేత అంబరు, 114 దాటితే ముదురు అంబరు. ఇప్పటి మీటర్లు గాజు పట్టీకి బదులు తేనె గుండా కాంతిని పంపి, ఎంత కాంతి అవతలికి వచ్చిందో గ్లిజరిన్‌తో పోల్చి అదే అంకెను చూపుతాయి. ఈ వర్గీకరణను విస్తృతంగా వాడే అమెరికా ప్రమాణాలలో కూడా రంగు నాణ్యతా శ్రేణిలో భాగం కాదు. లేత తేనె గొప్పదనీ, ముదురు తేనె అసలైనదనీ మన దగ్గర ప్రచారంలో ఉన్న రెండు మాటలకూ ఈ అంకెలో ఆధారం లేదు.

కొలిచే పద్ధతిలో ఒక్క విషయాన్ని వివరంగా చెప్పాలి, ఎందుకంటే తప్పుడు అంకెలు ఎక్కువగా అక్కడే వస్తాయి. గడ్డకట్టిన తేనె కంటికి అసలు కంటే లేతగా కనిపిస్తుంది. కానీ మీటరు దానిని అసలు కంటే ముదురుగా చూపుతుంది, ఎందుకంటే గ్లూకోజ్ పలుకులూ గాలి బుడగలూ కాంతిని చెదరగొడతాయి, చెదిరిపోయిన ఆ కాంతిని తేనె పీల్చుకున్నట్టే పరికరం లెక్క వేస్తుంది. అందువల్ల మూత బిగించిన గాజు సీసాను 50 డిగ్రీలు దాటని వేడి నీళ్లలో ఉంచి పలుకులన్నీ కరిగించి, పలుచని గుడ్డతో వడపోసి, చల్లారనిచ్చి, బుడగలన్నీ పైకి తేలేదాకా ఆగాకే కొలవాలి. తేనెను మీటరులో పెట్టే చదరపు గొట్టంలో పోసేటప్పుడు గోడ వెంట నెమ్మదిగా జారనివ్వాలి. ప్లాస్టిక్ గొట్టాలపై పడే సన్నని గీతలు కూడా అంకెను పెంచుతాయి కనుక నేను వాటిని తరచుగా మారుస్తాను. ఈ పరికరంలో నాకు నిజంగా విసుగు కలిగించే విషయం ఈ నిరీక్షణే, కొలవడానికి మాత్రం నిమిషం కూడా పట్టదు.

ఇక పువ్వు సంగతి. మకరందంతో పాటు వచ్చే ఫినాలిక్ పదార్థాలు, కెరోటినాయిడ్లు, ఇనుము, మాంగనీసు వంటి ఖనిజాలు తేనె రంగును నిర్ణయిస్తాయి, అందుకే మొక్కను బట్టి రంగు మారుతుంది. నా దగ్గరికి వచ్చే ఉత్తరాది ఆవ తేనె లేతగా ఉండి, త్వరగా వెన్నలా గడ్డకడుతుంది. పొద్దుతిరుగుడు తేనె బంగారు పసుపులో ఉంటుంది, అదీ త్వరగా గడ్డకట్టేదే. జామాయిల్ తోటల తేనె అంబరు వైపు మొగ్గుతుంది. వేప, నేరేడు తేనెలు ముదురు రంగువి, రెంటిలోనూ తీపి తర్వాత నాలుకపై కొంచెం చేదో వగరో మిగులుతుంది. లేత తేనె విషయంలో రంగు చెప్పే మాటకు నేను ఎక్కువ విలువ ఇస్తాను. నిల్వలో గానీ వేడిలో గానీ తేనె లేతబడదు కాబట్టి, నేరేడు తేనె అని చెప్పి 40 దగ్గర అంకె చూపే తేనెను తెస్తే, అందులో నేరేడు వాటా చాలా తక్కువని అనుకోవచ్చు. ముదురు తేనె విషయంలో అంత నిశ్చింత లేదు. పాత నల్లని తుట్టెల నుంచి తీసినా, పట్టును పిండి తీసినా, ఎండలో డబ్బా నిలవ ఉన్నా, పొయ్యి మీద కరిగించినా తేనె ముదురుతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. ఒక సరఫరాదారు నేరేడు తేనె అని ఇచ్చిన డబ్బా 118 చూపింది. అంతకు ముందు ఏడాది వేరొకరి నుంచి కొన్న నికార్సైన నేరేడు తేనె 105 చూపింది కాబట్టి, అంకె వరకు అనుమానించడానికి ఏమీ లేదు. రుచి చూస్తే వగరు లేదు, వాసన బెల్లం పాకం అడుగంటినట్టు ఉంది. రాజేంద్రనగర్‌లో పరిచయమున్న ఒక పరిశోధక విద్యార్థిని 10 గ్రాముల తేనెను 20 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీటిలో కలిపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున చేరిన పుప్పొడిని సూక్ష్మదర్శిని కింద చూపించారు. నేరేడు పుప్పొడి చిన్నగా, ముక్కోణంగా ఉంటుంది. ఆ పలకపై అటువంటివి అరుదుగా కనిపించాయి, ఎక్కువ భాగం ఒళ్లంతా ముళ్లున్న గుండ్రని రేణువులే, అంటే పొద్దుతిరుగుడు కుటుంబానివి. ఆ పెట్టెలు పెట్టిన చోటు చుట్టూ పొద్దుతిరుగుడు చేలే ఉన్నాయని తర్వాత తెలిసింది. ప్రయోగశాలలో చేయించిన హెచ్‌ఎంఎఫ్ పరీక్ష కూడా మన ఆహార భద్రతా ప్రమాణం అనుమతించే కిలోకు 80 మిల్లీగ్రాముల పరిమితిని దాటింది. హెచ్‌ఎంఎఫ్ అనేది తేనెలోని పండ్ల చక్కెర వేడికి విరిగినప్పుడు పెరిగే పదార్థం. అడిగితే, గడ్డకట్టిన డబ్బాను నేరుగా మంట మీద పెట్టి కరిగించామని సరఫరాదారు ఒప్పుకున్నారు. అది పొద్దుతిరుగుడు తేనే. త్వరగా గడ్డకట్టే గుణం వల్లే అది మంట మీదికి వెళ్లింది, అక్కడే నేరేడు రంగు తెచ్చుకుంది.

మంట అవసరం లేకుండా మన వేసవి కూడా ఈ పని చేయగలదు. 62 చూపిన పొద్దుతిరుగుడు తేనెను రెండు సీసాల్లో పోసి, ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి రేకుల గదిలో మార్చి నుంచి జూన్ దాకా ఉంచాను. చివరికి మొదటిది 64, రెండోది 81 చూపాయి. అందువల్ల ఇప్పుడు తేనె వచ్చిన రోజే కొలిచి, ఆ తేదీని అంకె పక్కన రాస్తున్నాను, తేదీ లేని అంకెతో పువ్వు గురించి ఏమీ చెప్పను. 100 దాటిన ప్రతి తేనెకూ ముందు రుచి, తర్వాత హెచ్‌ఎంఎఫ్, ఆ రెండూ సరిపోతేనే పుప్పొడి పరీక్ష అనే క్రమం పాటిస్తున్నాను. పుప్పొడి పరీక్షలో కూడా ఆ మొక్క రేణువులు సుమారు 45 శాతం దాటినప్పుడే సీసాపై ఒక పువ్వు పేరు వేస్తాను, లేకపోతే పలు పువ్వుల తేనె అని రాస్తాను.

వేర్వేరు చోట్ల నుంచి తేనె కొని కలిపేవారికీ, సీసాల రంగు ఏడాదంతా ఒకేలా ఉండాలనుకునేవారికీ ఈ మీటరు పెట్టిన డబ్బుకు తగిన పని చేస్తుంది. ఇంటి వాడకానికి కిలో రెండు కిలోలు కొనేవారికి దీని అవసరం లేదు. వారు కొన్న రోజే కొంత తేనెను సన్నని గాజు గొట్టంలో పోసి ఫ్రిజ్‌లో ఉంచుకుని, రెండు నెలల తర్వాత అదే మందం గల మరో గొట్టంలో సీసాలోని తేనెను పోసి పగటి వెలుతురులో పక్కపక్కన చూస్తే చాలు. గొట్టాల మందం ఒకటే ఉండాలి, ఎందుకంటే ఒకే తేనె సన్నని గొట్టంలో లేతగానూ వెడల్పు సీసాలో ముదురుగానూ కనిపిస్తుంది. ఫ్రిజ్‌లోది గడ్డకట్టి ఉంటే, పైన చెప్పినట్టు కరిగించి చల్లార్చాకే పోల్చాలి.